ఆపరేషన్ థియేటర్ లిస్టులో ఎవరి వంతు ముందు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో కొన్ని థియేటర్ తలుపు బయట కూర్చున్న బంధువులు అడిగేవి, కొన్ని కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులు, టెక్నీషియన్లు అడిగేవి. శ్రీకాకుళం పట్టణంలో ఒక పెద్ద థియేటర్, ఒక మత్తు డాక్టరు, పనిముట్లలోని సూక్ష్మజీవుల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్ ఒకటి ఉన్న మధ్యరకం ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. ఆరేడు థియేటర్లున్న పెద్దాసుపత్రిలో లెక్క వేరు.

మా నాన్నగారిది మొదటి పేరు అన్నారు. తెల్లారేసరికి నాలుగో పేరైంది. ఎవరిదో సిఫారసు పనిచేసిందా?

సిఫారసు ఫోన్లు రావని చెప్పను, వస్తాయి. కానీ పేరు కిందికి జరగడానికి చాలాసార్లు కారణం అది కాదు. సాయంత్రం 5 గంటలకు రాసిన లిస్టుకి, మర్నాడు పొద్దున 8 గంటల లిస్టుకి మధ్య ఒక రాత్రి ఉంటుంది. ఆ రాత్రిలో ఒక పేషెంటుకి జ్వరం వస్తుంది, ఇంకొకరి పొటాషియం రిపోర్టు తేడాగా వస్తుంది, క్యాజువాలిటీలో ఒక ఎముక విరిగిన కేసు చేరుతుంది, సర్జన్ ఫోన్ చేసి 9 కాదు 11కి వస్తానంటారు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా వరస మారుతుంది.

అందుకే ముందురోజు సాయంత్రం చెప్పేటప్పుడు "మీది మొదటి పేరు" అనకుండా "మీది మధ్యాహ్నం లోపు అవుతుంది" అని చెప్పమని మా వాళ్లకు చెబుతుంటాను. వరస నంబరు చెబితే బంధువులు దాన్ని మాటగా పట్టుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు.

అత్యవసరం అని ఎవరు చెబుతారు? అందరూ తమదే అర్జెంటు అంటారు కదా?

సర్జన్, మత్తు డాక్టరు కలిసి చెబుతారు. మొత్తం నాలుగు మెట్లు. మొదటి మెట్టులో నిమిషాలు లెక్క: లోపల రక్తం కారుతున్న మనిషి, బిడ్డ గుండె పడిపోతున్న తల్లి. రెండోదానిలో గంటలు లెక్క: పగిలిన అపెండిక్స్, ఒళ్లంతా విషం ఎక్కిస్తున్న చీము. మూడోదానిలో రోజులు లెక్క: ముసలివాళ్ల తుంటి ఎముక విరగడం ఇందులోకి వస్తుంది. దాన్ని 48 గంటలు దాటనిస్తే ఊపిరితిత్తుల్లో నెమ్ము, మంచం పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు మొదలవుతాయి. నాలుగోది తేదీ మనం ఎంచుకోగలిగేది: హెర్నియా, హైడ్రోసిల్, నొప్పి తగ్గి ఇంటికెళ్లి మళ్లీ వచ్చిన గాల్‌బ్లాడర్ రాళ్లు.

నొప్పి ఎక్కువగా ఉండటం, అర్జెంటు కావడం ఒకటి కాదు. కిడ్నీలో రాయి కదిలితే మనిషి మెలికలు తిరిగిపోతాడు, అయినా ఇంజెక్షన్‌తో తగ్గించి రేపటిదాకా ఆగొచ్చు. షుగర్ ఉన్న మనిషి కాలు కుళ్లుతున్నా స్పర్శ లేక "ఏం నొప్పి లేదమ్మా" అంటాడు. ఆగకూడనిది ఆయనకే.

ఆపరేషన్ ముప్పావు గంటే అన్నారు డాక్టరుగారు. మనిషిని రెండు గంటలు లోపలే ఉంచారేమిటి?

డాక్టరు చెప్పింది కత్తి పెట్టినప్పటి నుంచి కుట్లు వేసేదాకా పట్టే సమయం. అది నిజమే. లిస్టు వేసేవాళ్లకు కావలసింది స్ట్రెచర్ లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా పట్టే సమయం. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీయడం తీసుకోండి. లోపలికి తెచ్చి పేరు, సంతకాలు సరిచూసి, మానిటర్లు తగిలించి, మత్తిచ్చి, గొట్టం వేసి, పొట్ట శుభ్రం చేసి గుడ్డలు కప్పేసరికి 25 నుంచి 30 నిమిషాలు. సర్జన్ పని 45. మత్తు దించి, మనిషి తనంతట తాను ఊపిరి తీసుకుని, పిలిస్తే పలికేదాకా మరో 15. మొత్తం 90 నిమిషాలు. ఆ తర్వాత రికవరీలో గమనించే సమయం వేరు. బంధువులకు రెండు గంటలకు పైగా అనిపించేది అందుకే.

కొత్తవాళ్లు లిస్టు వేసేటప్పుడు సర్జన్ని అడగకండి, రిజిస్టరు చూడండి. అదే సర్జన్ చేసిన అదే ఆపరేషన్లు చివరి పదింటిలో స్ట్రెచర్ లోపలికి, బయటికి వెళ్లిన టైములు తీసి, చిన్నదాని నుంచి పెద్దదానికి రాసి, మధ్యలో వచ్చే అంకె తీసుకోండి. సగటు తీస్తే ఒక్క మూడున్నర గంటల కేసు మొత్తం లెక్కని పాడుచేస్తుంది. కానీ ఆ మూడున్నర గంటల కేసుని మరిచిపోకూడదు కూడా. ఎందుకు అంతసేపు పట్టిందో పక్కన రాసుకోవాలి. గాల్‌బ్లాడర్‌లో సాధారణంగా కారణం ఒకటే: మూడు నాలుగుసార్లు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిన పేషెంటుకి లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది. అలాంటి కేసు కెమెరా ఆపరేషన్‌గా మొదలై పొట్ట కోయాల్సిన ఆపరేషన్‌గా మారొచ్చు. అలాంటిదాన్ని ఎక్కడ పెట్టాలన్నది కింద లిస్టులో చూద్దాం.

పనిముట్లు కడగడానికి అంతసేపు ఎందుకు? ఆటోక్లేవ్‌లో నాలుగు నిమిషాలే అని పుస్తకంలో ఉంది.

134 డిగ్రీల దగ్గర 3, 4 నిమిషాలు అన్న మాట నిజమే. వాక్యూమ్ ఉన్న ఆటోక్లేవ్‌లో అన్ని మూలలా ఆవిరి ఆ వేడికి చేరాక అంతసేపు నిలవాలి. కానీ గాలి తీయడం, వేడెక్కడం, చివర్లో ఆరడం కలిపితే మొత్తం సైకిల్ 50 నిమిషాల దాకా పోతుంది. దానికి ముందు చేతిపని ఉంటుంది. లాపరోస్కోపీ పనిముట్లు సన్నటి గొట్టాలు. విడదీసి, ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి, లోపల బ్రష్ తిప్పి, నీళ్లు పోసి, ఆరబెట్టాలి. దానికి 25 నిమిషాలు. ప్యాక్ కట్టడానికి 10. సైకిల్ 50. చల్లారడానికి 15. థియేటర్ నుంచి బయటికి పోయిన సెట్ మళ్లీ బల్ల మీదికి రావడానికి మా దగ్గర 100 నిమిషాలు పడుతుంది. మీ దగ్గర ఎంతో గడియారం పెట్టి కొలవండి. ఆ ఒక్క అంకె తెలియకుండా లిస్టు వేయడం వృథా.

ఇందులో తొందరపడాలనిపించేది కడగడం దగ్గరే. అక్కడే అసలు ప్రమాదం. గొట్టంలో ఎండిన రక్తం ఉంటే దాని కిందికి ఆవిరి పోదు. ఇంకో అడ్డదారి, సెట్‌ని గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి తీయడం. 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు మామూలు సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ గట్టి పొరలో దాక్కున్నవి, అంటే స్పోర్లు, చావవు. వాటికి 10 గంటలు కావాలి. ముంచిన తర్వాత మామూలు కుళాయి నీళ్లతో కడిగితే ఆ నీళ్లలోని మైకోబాక్టీరియా అనే సూక్ష్మజీవి పనిముట్టుతో పాటు పొట్టలోకి పోతుంది. దీని ఫలితం మూడో రోజున కనబడదు. కెమెరా పెట్టిన చిన్న రంధ్రాలు చక్కగా మానిపోయి, ఇంచుమించు నెల తర్వాత అక్కడే గడ్డలాగా వాచి, పల్చటి చీము కారడం మొదలవుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కి తగ్గదు, నెలల తరబడి మందులు వాడాలి. ఇలాంటి కేసు ఒకటి వస్తే సర్జన్ చెయ్యిని కాదు, ఆ వారం సెట్ కడిగిన తీరుని వెతకండి.

ప్యాక్ మీద టేపు నల్లబడిందంటే అది వేడి తగిలిన గుర్తు మాత్రమే. లోపలి ఇండికేటర్ కూడా మారి ఉండాలి, ప్యాక్ పొడిగా ఉండాలి. తడిసిన ప్యాక్‌ని ఎంత తొందర ఉన్నా వెనక్కి పంపాల్సిందే. ఎముకల్లో వేసే రాడ్లు, ప్లేట్లని ప్యాక్ కట్టకుండా అప్పటికప్పుడు వేడిచేసి వాడకూడదు.

ఒక రోజు లిస్టు వేసి చూపిస్తారా?

ఆరు కేసులు అనుకుందాం. థియేటర్ సమయం 8:30 నుంచి 5:00 దాకా. లాపరోస్కోపీ సెట్ ఒక్కటే. ఒక కేసుకి, ఇంకో కేసుకి మధ్య థియేటర్ తుడవడానికి 20 నిమిషాలు.

ఆరేళ్ల పిల్లాడి హెర్నియా, 50 నిమిషాలు. సులువైన గాల్‌బ్లాడర్, 90. నాలుగుసార్లు నొప్పి వచ్చి తగ్గిన కష్టమైన గాల్‌బ్లాడర్, 110. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన డెబ్బై ఐదేళ్ల మామ్మగారి తుంటి ఎముక, 120. దానికి విశాఖ నుంచి ఎముకల సర్జన్ 11 గంటలకు వస్తారు. షుగర్ ఉన్న పెద్దాయన కాలిలో చీము, 45. హైడ్రోసిల్, 45.

ఫోన్ వచ్చిన వరసలో రాసుకున్న లిస్టు ఇలా నడుస్తుంది:

8:30 సులువైన గాల్‌బ్లాడర్, 10:00కి అవుతుంది
11:40 కష్టమైన గాల్‌బ్లాడర్, 1:30కి అవుతుంది
1:50 పిల్లాడి హెర్నియా, 2:40
3:00 తుంటి ఎముక, 5:00
5:20 హైడ్రోసిల్, 6:05
6:25 కాలి చీము, 7:10

10:20కి థియేటర్ తుడవడం అయిపోయింది. కానీ సెట్ ఆటోక్లేవ్‌లో ఉంది. 11:40 దాకా, అంటే 80 నిమిషాలు, సర్జన్, మత్తు డాక్టరు, నలుగురు సిబ్బంది ఊరికే కూర్చున్నారు. అప్పటికప్పుడు పిల్లాణ్ణి తెచ్చుకోవచ్చు కదా అంటారు. పిల్లాడికి ఇంకా సూది పెట్టలేదు, వాళ్ల నాన్న టిఫిన్‌కి వెళ్లాడు, సంతకం కావాలి. ఎముకల సర్జన్ 11 నుంచి 3 దాకా కాఫీలు తాగుతూ కూర్చున్నారు. వచ్చే నెల ఆయన మనకి తేదీ ఇస్తారో లేదో.

ఇదే పనిని ఇలా పెట్టండి:

8:30 పిల్లాడి హెర్నియా, 9:20
9:40 సులువైన గాల్‌బ్లాడర్, 11:10
11:30 తుంటి ఎముక, 1:30
1:50 కష్టమైన గాల్‌బ్లాడర్, 3:40
4:00 కాలి చీము, 4:45

ఎవరూ వేగంగా చేయలేదు. ఏ ఆపరేషన్‌కీ ఒక్క నిమిషం తగ్గించలేదు. రెండు గాల్‌బ్లాడర్ల మధ్య తుంటి ఎముకని పెట్టాం, అంతే. 11:10కి బయటికి పోయిన సెట్ 12:50కే సిద్ధమైంది, 1:50కి దాని అవసరం వచ్చింది. మధ్యలో గంట మిగులు ఉంది. సైకిల్ ఒకసారి ఫెయిలై మళ్లీ వేయాల్సి వచ్చినా అరగంటకి మించి ఆలస్యం కాదు.

ఇంకో సంగతి చూడండి. 11 గంటలకు రావలసిన సర్జన్ ముందు కష్టమైన గాల్‌బ్లాడర్ పెట్టలేదు. అది రెండున్నర గంటలు సాగితే ఆయన బయట నిలబడాలి. ఎంతసేపు పడుతుందో కచ్చితంగా తెలిసినవి ముందు, తెలియనిది తర్వాత. చిన్నవన్నీ ముందు పెట్టేయాలనే అలవాటు చాలాచోట్ల ఉంది. చిన్నదా పెద్దదా అనే దానికన్నా ఎంత అటూ ఇటూ అవుతుందనేదే ఎక్కువ చూడాలి.

హైడ్రోసిల్ ఏమైంది? ఆయన్ని వదిలేశారా?

వదల్లేదు, స్టాండ్‌బైలో పెట్టాం. ఆరో కేసుగా రాస్తే అన్నీ సవ్యంగా జరిగినా 5:50 అవుతుంది. దానికి బదులు ముందురోజు సాయంత్రమే ఆయనకి చెబుతాం: "మీకు రేపు 11:30కి ఖాళీ దొరికితే చేస్తాం, లేకపోతే 11:15కల్లా చెప్పేస్తాం, భోంచేసేయండి, ఎల్లుండి మీది ఖాయం." ఒప్పుకుంటేనే. తెల్లవారి 5 లోపు రెండు ఇడ్లీ తినొచ్చు, 9 దాకా మంచినీళ్లు తాగొచ్చు. సాయంత్రం దాకా కడుపు మాడ్చి ఇంటికి పంపడం కన్నా ఇది మర్యాద.

బయటి నుంచి వచ్చే సర్జన్ ఆలస్యం చేస్తే లిస్టు మొత్తం పోయినట్టేనా?

విశాఖ నుంచి శ్రీకాకుళం 16వ నంబరు జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైమాటే. సర్జన్ అక్కడ పొద్దున రౌండ్స్ చూసుకుని బయల్దేరతారు. 10:45కి ఫోన్ చేసి "ఇంకా ఆనందపురం దగ్గరే ఉన్నాను" అన్నారంటే 12:15 ముందు రారని అర్థం.

అప్పుడు స్టాండ్‌బై పేషెంటు పనికొస్తారు. హైడ్రోసిల్ 11:30 నుంచి 12:15, తుంటి 12:35 నుంచి 2:35, కష్టమైన గాల్‌బ్లాడర్ 2:55 నుంచి 4:45, చీము 5:05 నుంచి 5:50. హైడ్రోసిల్ పెట్టకుండా ఖాళీగా కూర్చుని, సర్జన్ రాగానే 12:20కి తుంటి మొదలుపెట్టి ఉంటే చివరి కేసు 5:35కి అయ్యేది. తేడా పావుగంట. ఆ పావుగంటకి ఒక మనిషి ఆపరేషన్ పూర్తయింది.

ఖాళీని నింపడానికి చీము కేసుని మాత్రం లాక్కురాకండి. వెనకే ఎముక ఆపరేషన్ ఉంది, లోపల రాడ్ వేస్తారు. అలాగే సర్జన్ "అయిదు నిమిషాల్లో గేటు దగ్గరుంటా" అన్నారని మామ్మగారికి మత్తు ఇచ్చేయడం కూడా వద్దు. సర్జన్ ఆవరణలో కనబడాలి, సెట్ చేతిలో ఉండాలి, అప్పుడే నడుముకి ఇంజెక్షన్. నడుముకిచ్చే మత్తు రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. అరగంట వృథా అయితే చివర్లో ఆమెకి నొప్పి తెలుస్తుంది.

సర్జన్ ఒకరైతే ఇంకొకరు దొరుకుతారు గానీ, మా దగ్గర అందరికీ కలిపి ఉన్నది ఒకే మత్తు డాక్టరు. నిజానికి లిస్టు నడిచేది ఆయన్ని బట్టే. రెండో బల్ల ఉన్నా ఆయన రెండు చోట్ల ఉండలేరు.

మధ్యలో ఎమర్జెన్సీ సిజేరియన్ వస్తే ఎవరిని ఆపుతారు?

పై లిస్టు మామూలుగా నడుస్తోంది, సర్జన్ టైముకే వచ్చారు అనుకోండి. 1:10కి లేబర్ రూమ్ నుంచి కబురు: బిడ్డ గుండె చప్పుడులో తేడా ఉంది, ఈ క్షణమే ప్రాణం మీదికి వచ్చేంత కాదు. ఇలాంటిదానికి నిర్ణయం తీసుకున్నాక 75 నిమిషాల్లోపు బిడ్డ బయటికి రావాలని లెక్క. అంటే 2:25. తుంటి ఆపరేషన్ 1:30కి అవుతుంది, తుడిచి 1:50కి తల్లిని తీసుకుంటే బిడ్డ 2:10, 2:15కి బయటికి వస్తుంది. సరిపోతుంది. తల్లి 2:50కి బయటికి.

ఇప్పుడు మిగిలినవి రెండు: కష్టమైన గాల్‌బ్లాడర్, కాలి చీము. రెండూ చేస్తే 3:10 నుంచి 5:00 గాల్‌బ్లాడర్, 5:20 నుంచి 6:05 చీము. చాలామంది కొత్తవాళ్లు చివర ఉన్న చీముని రేపటికి తోసేస్తారు, చివరిది కాబట్టి. అది తప్పు. చివర పెట్టింది శుభ్రత కోసం, తొందర లేక కాదు. ఒకటి వాయిదా వేయాల్సి వస్తే గాల్‌బ్లాడర్‌నే వేయాలి. నొప్పి లేని రాయి ఇంకో వారం ఆగుతుంది, చీము ఆగదు. కాబట్టి 3:10కి చీము, 3:55కి అయిపోతుంది. డాక్టర్లు ఆరు దాటేదాకా ఉండటానికి ఒప్పుకుంటే మొదటి దారి కూడా మంచిదే. కానీ అది వాళ్లని అడిగి తేల్చుకోవాలి, ఉంటారులే అనుకోకూడదు.

బిడ్డ గుండె పూర్తిగా పడిపోతున్నప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు. అరగంటే గడువు. థియేటర్‌లో తుంటి ఆపరేషన్ సగంలో ఉంటే, ఊళ్లో ఉన్న ఇంకో మత్తు డాక్టరుకి ఫోన్ చేసి, లేబర్ రూమ్ పక్కన చిన్న బల్ల మీద చేస్తారు. అందుకే సిజేరియన్ సెట్ ఒకటి ఏ లిస్టుకీ వాడకుండా ఎప్పుడూ విడిగా ఉంటుంది. దాన్ని వేరే కేసుకి విప్పడానికి ఎవరికీ అనుమతి లేదు, డ్యూటీ డాక్టరుకి కూడా.

షుగర్ ఉన్నవాళ్లని మొదట తీసుకోవాలంటారు, చీము కేసుని చివర పెట్టాలంటారు. షుగర్ మనిషి కాలిలోనే చీముంటే?

లిస్టు వేసేవాళ్లందరికీ ఇది ఇబ్బందే. షుగర్ మనిషిని మొదట తీసుకోమనేది తిండి లేకుండా ఎక్కువసేపు ఉంటే షుగర్ పడిపోతుందని, లేదా ఇన్సులిన్ ఆపేస్తే పెరిగిపోతుందని. దానికి వేరే దారి ఉంది: గ్లూకోజ్ డ్రిప్, ఇన్సులిన్, గంటగంటకీ వేలి మీద పరీక్ష. చీముకి మాత్రం థియేటర్‌ని బట్టి జవాబు మారుతుంది.

గంటకి 20 సార్లు గాలి పూర్తిగా మారే ఏర్పాటు ఉన్న థియేటర్‌లో, గాలిలోని కణాల్లో 99 శాతం పోవడానికి 14 నిమిషాలు చాలు. బల్ల, నేల, లైటు హ్యాండిళ్లు సరిగ్గా తుడిస్తే ఆ తర్వాత ఏ కేసైనా పెట్టుకోవచ్చు. చిన్న పట్టణాల్లో చాలా థియేటర్లలో గోడకి స్ప్లిట్ ఏసీ ఉంటుంది. అది ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది గానీ కొత్త గాలి తేదు. అలాంటిచోట చీము చివరే ఉండాలి, ముఖ్యంగా అదే రోజు ఎముకల్లో రాడ్ వేసే కేసు ఉంటే.

ఇవన్నీ పేషెంటు నిలకడగా ఉన్నప్పటి మాట. జ్వరం, దడ, బీపీ పడిపోవడం, మాట తడబడటం మొదలైతే ఆయన మొదటి పేరు. తర్వాత థియేటర్‌ని గంటసేపు కడుక్కుంటాం, ఎముకల కేసు మర్నాటికి పోతే పోతుంది.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉన్నవాళ్లని కూడా చివరే పెడతారా?

పెట్టకూడదు. ఇవి గాలిలో వ్యాపించేవి కావు. పనిముట్లకి ఆటోక్లేవ్ ఎవరికైనా ఒకటే. రిపోర్టు రాని పేషెంట్లలో ఎవరికి ఉందో మనకి తెలియదు కాబట్టి జాగ్రత్తలు అందరికీ ఒకేలా ఉండాలి. హెచ్‌ఐవీ ఉందని వైద్యంలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది. లిస్టు మీద ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం కూడా అలాంటిదే.

మాది ఉద్దానం. నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆపరేషన్ ఏ రోజు పెట్టించుకోవాలి?

డయాలసిస్ అయిన మర్నాడు. అదే రోజు చేస్తే డయాలసిస్‌లో వాడిన హెపారిన్ వల్ల రక్తం గడ్డకట్టదు, మనిషి కూడా నీరసంగా ఉంటాడు. రెండు మూడు రోజులు దాటితే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి మత్తు ఇవ్వడం ప్రమాదం. ఆపరేషన్ రోజు పొద్దున పొటాషియం పరీక్ష తప్పనిసరి, రిపోర్టు రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఇలాంటివాళ్లని 8:30కి పెట్టం, రెండో పేరుగా పెడతాం. డయాలసిస్ రోజులేవో అడ్మిషన్ అప్పుడే చెప్పండి. మేం అడగడం మరిచిపోయినా మీరు చెప్పండి.

రాత్రి పది నుంచి మంచినీళ్లు కూడా వద్దన్నారు. ఆపరేషన్ మధ్యాహ్నం మూడుకి చేశారు. ఇది అవసరమా?

అవసరం లేదు. తేలికపాటి తిండికి 6 గంటలు, తల్లిపాలకి 4, మంచినీళ్లకి 2 గంటల ఎడం చాలు. నూనె వంటలు, మాంసం తింటే ఇంకా ఎక్కువ కావాలి. పాలు పోసిన టీ నీళ్ల లెక్కలోకి రాదు, చోడి అంబలి కూడా రాదు, అవి తిండే. అందరికీ కలిపి "రాత్రి నుంచి ఏమీ వద్దు" అని చెప్పడం వార్డు వాళ్లకి సులువు, అంతే. లిస్టులో ప్రతి పేరు పక్కన "ఇన్నింటిదాకా తిండి, ఇన్నింటిదాకా నీళ్లు" అని రెండు టైములు రాస్తే ఈ బాధ ఉండదు. పిల్లల్ని మొదట పెట్టేది కూడా దీనికోసమే, ఆకలికి ఏడ్చే పిల్లాడికి నచ్చజెప్పలేం.

పంతులుగారు 9:12కి ముహూర్తం పెట్టారు. కుదురుతుందా?

తేదీ ఎంచుకోగలిగిన సిజేరియన్ అయితే, ఆ రోజు మొదటి కేసు మీదే అయితే, అటూ ఇటూ పావుగంటలో ప్రయత్నిస్తారు. ఇబ్బంది ఏమిటంటే మంచి రోజు అందరికీ ఒకటే, ముగ్గురు అదే టైము అడుగుతారు. రాహుకాలం దాటాలని మొదటి కేసుని గంట ఆపితే ఆ గంట చివరి పేషెంటు మీద పడుతుంది. మిగతా ఆపరేషన్లకి ముహూర్తం చూసి వరస మార్చం. అమావాస్య నాడు చాలామంది రానంటారు కాబట్టి ఆ రోజు లిస్టు ఖాళీగా ఉంటుంది. పట్టింపు లేనివాళ్లకి అదే మంచి రోజు.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించుకునేవాళ్లని వెనక్కి నెడతారా?

వరసలో తేడా ఉండకూడదు. తేదీ దగ్గర మాత్రం తేడా వస్తుంది: ఆగగలిగే ఆపరేషన్లకి ముందుగా అనుమతి రావాలి, అది వచ్చాకే పేరు లిస్టులోకి ఎక్కుతుంది. స్కానింగ్ రిపోర్టు, ఫొటో ఏదైనా సరిగ్గా లేదని వెనక్కి వస్తే రోజులు పోతాయి. ప్రాణం మీదికి వచ్చినవాటికి ఫోన్ మీదే అనుమతి తీసుకుని మొదలుపెడతారు, కాగితాలు తర్వాత.

మాది వాయిదా పడింది. రేపు మొదటి పేరు మాదేనా?

మొదటిది అని మాట ఇవ్వలేం, కారణం మొదట్లోనే చెప్పాను. కానీ లిస్టులో మీ పేరు పక్కన "వాయిదా" అని తేదీతో రాస్తాం. అదే మెట్టులో ఉన్న మిగతావాళ్ల కన్నా ముందు తీసుకుంటాం. రెండోసారి వాయిదా వేయాలంటే ఆ నిర్ణయం డ్యూటీ సిస్టర్ తీసుకోకూడదు, సర్జనే వచ్చి మీతో మాట్లాడాలి. ఎందుకు ఆగిందో కూడా అడగండి: సెట్ లేకనా, సర్జన్ రాకనా, రిపోర్టు తేడానా, ఎమర్జెన్సీనా. రిపోర్టు తేడా అయితే అది సరయ్యేదాకా తేదీ ఉండదు, మందులు ఏం మార్చారో రాయించుకోండి. మిగతా మూడింటిలో ఏదైనా అయితే ఆ సాయంత్రమే కొత్త తేదీ తీసుకుని, భోజనం పెట్టించుకుని వార్డుకి వెళ్లండి.